పన్నెండో తేదీ వరకు, ఆ రోజు కూడా కలుపుకొని

నా పేరు ఫిర్మిన్ బెసేద్. ఫ్రాన్సులో లోట్ నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్ళో చరిత్ర, భూగోళం చెప్తాను. నా గురించి ఎవరినైనా అడిగితే నా చదువు గురించి చెప్పరు, నా ఎర్ర పెన్ను గురించి చెప్తారు. బేకరీవాడి బోర్డు దిద్దాను. మేయరు గారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు దిద్దాను. పెళ్ళయిన కొత్తలో నా భార్య బెరంజేర్ రాసిన ప్రేమలేఖలో రెండు కామాలు దిద్ది తిరిగి ఇచ్చాను. ఆ తర్వాత ఆవిడ నాకు ఉత్తరం రాయలేదు. ఏమన్నా చెప్పాలంటే వంటింట్లోంచి అరిచి చెప్తుంది.

ఇంకో గొప్ప కూడా ఉంది నాకు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి సెలవు పెట్టి ఎరగను. జ్వరంతో వెళ్ళాను, పంటినొప్పితో వెళ్ళాను. మా నాన్న స్టేషన్ మాస్టరు. ఆయన లేకపోతే రైళ్ళు ఆగిపోతాయని ఆయన అనుకునేవాడు. ఆ జబ్బు నాకూ వచ్చింది. నేను లేకపోతే ఫ్రెంచి విప్లవం పిల్లలకి ఎవరు చెప్తారని నా బెంగ.

మోకాలు మాత్రం ఈ గొప్పల్ని లెక్కచేయలేదు. మార్చడం తప్పదని డాక్టరు తేల్చేశాడు. ఒక్క పాఠం కూడా పోకూడదని పట్టుబట్టి, సరిగ్గా వసంతకాలం సెలవులు మొదలయ్యే రోజుకి ఆపరేషన్ పెట్టించుకున్నాను. సెలవులు అయ్యాక ఇంకో వారం విశ్రాంతి, మే పన్నెండు దాకా. అంతే.

అలా జీవితంలో మొదటిసారి, మెయిలు పెట్టెకి ఆటోమేటిక్ జవాబు రాయాల్సి వచ్చింది. మామూలు మనుషులు కాఫీ చల్లారేలోపు ముగించే పని ఇది. నేను ఆదివారమంతా కూర్చున్నాను.

"ఇంకా అవలేదా?" అంది బెరంజేర్ ఊలు ఉండ చుట్టుకుంటూ. ఆవిడకి బజారు వీధిలో ఊలు దుకాణం ఉంది. మనుషుల ఓపిక ఎంతో ఆవిడకి బాగా తెలుసు.

"ఇది నలుగురూ చదివేది."

"నువ్వు లేవని చెప్పడానికి నాలుగు మాటలు చాలవూ?"

"చాలామంది 'మెయిలు చూసే వీలు తక్కువ' అని రాస్తారు. అది అబద్ధం. వీలుంటుంది, చూడరు. నేను 'చూడను' అనే రాస్తాను. తర్వాత, ఉత్త 'కోర్ద్యాల్‌మాఁ' అని, అంటే ఉత్త 'ఆదరంతో' అని సంతకం పెడితే మొహం మీద తలుపేసినట్టు ఉంటుంది. ముందు 'బ్యాఁ', 'ఎంతో' అని ఒక్క మాట చేరిస్తే తలుపు మెల్లగా వేసినట్టు ఉంటుంది."

"ఎలా వేసినా తలుపు తలుపే కదా మాస్టారూ," అంది. నాతో వాదన తేలనప్పుడు నన్ను మాస్టారూ అంటుంది.

సాయంత్రానికి ఇది తయారైంది:

Bonjour,
Je suis actuellement en congé, jusqu'au 12 mai inclus, et ne consulterai pas ma messagerie durant cette période.
En cas d'urgence, vous pouvez vous adresser au secrétariat du collège.
Je ne manquerai pas de vous répondre dès mon retour.
Je vous remercie par avance de votre compréhension.
Bien cordialement,
Firmin Bessède
Professeur d'histoire-géographie

మన మాటల్లో చెప్పాలంటే ఇంతే. నమస్కారం, ప్రస్తుతం నేను సెలవులో ఉన్నాను, పన్నెండో తేదీ వరకు, ఆ రోజు కూడా కలుపుకొని. అంతవరకు మెయిలు చూడను. అత్యవసరమైతే స్కూలు ఆఫీసుని అడగండి. తిరిగి రాగానే తప్పకుండా జవాబు రాస్తాను. మీరు అర్థం చేసుకుంటారని ముందుగానే కృతజ్ఞతలు.

ఇందులో కొత్త మాట ఒక్కటీ లేదు. దేశంలో ఉద్యోగస్తులంతా వాడే వాక్యాలే. కానీ 'ఆ రోజు కూడా కలుపుకొని' అన్న ముక్క చూసుకుని నేను మురిసిపోయాను. పన్నెండున వస్తాడా, పదమూడున వస్తాడా అన్న అనుమానానికి చోటు లేకుండా ఒక్క మాటతో కట్టేశాను. పెట్టె అడిగిన చోట మొదలు తేదీ, ముగింపు తేదీ నింపాను. కింద ఈ ఉత్తరం అంటించాను. పని చేస్తోందో లేదో చూద్దామని బెరంజేర్ ఫోన్లోంచి నాకు నేనే ఒక మెయిలు పంపుకున్నాను. రెప్పపాటులో జవాబు వచ్చింది. చదువుకున్నాను. బాగుంది. ఇంకోసారి చదవాలనిపించి మళ్ళీ పంపాను. ఈసారి రాలేదు. మళ్ళీ పంపాను. రాలేదు. పెట్టె చెడిపోయిందని ఇల్లు పీకి పందిరేశాను.

బెరంజేర్ సహాయం పేజీ తెరిచి చదివింది. "ఒకే మనిషికి వారంలో ఒక్కసారే పంపుతుందట. ఎన్ని మెయిళ్ళు రాసినా ఒక్కటే జవాబు. వారం దాటాక రాస్తే మళ్ళీ పంపుతుంది. నీకంటే బుద్ధి ఉంది దానికి."

ఆపరేషన్ అయింది. కాలు దిండ్ల మీద పెట్టుకుని, మెయిలు చూడనని ఊరందరికీ రాసిన మనిషిని, గంటకోసారి మెయిలు చూడ్డం మొదలుపెట్టాను. ఎవరెవరు కంగారు పడుతున్నారో, నేను లేక బడి ఎలా అల్లాడుతోందో చూద్దామని.

ఎవరూ రాయలేదు. చెప్పుల కంపెనీ ఒకటి రాసింది, దానికి నా జవాబు వెళ్ళిందో లేదో కూడా తెలీదు. మొదటి వారం నవ్వుకున్నాను. రెండో వారం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే ఒక్కడికీ, ఒక్కడంటే ఒక్కడికీ నా అవసరం పడలేదా అని ఒళ్ళు మండింది. సరే, మీకు నేను అక్కర్లేకపోతే నాకు మీరు అక్కర్లేదనుకుని పెట్టె తెరవడం పూర్తిగా మానేశాను.

అవి సెలవులని నాకు తట్టలేదు. ఏరికోరి ఆపరేషన్ సెలవుల్లో పెట్టించుకున్నది నేనే. బళ్ళు మూసి, పిల్లలు నదిలో ఈతలు కొడుతుంటే, నాకెందుకు రాయరని అలిగి మంచమెక్కింది కూడా నేనే. ఇది బెరంజేర్ చెప్పేదాకా తెలీలేదు. తెలిశాక కూడా అలక దిగలేదు. ఒకసారి ఎక్కాక దిగడానికి నాకు మోకాలు ఒక్కటే అడ్డం కాదు.

ఈలోగా మోకాలు వాచింది. డాక్టరు సెలవుని జూన్ మధ్య దాకా పొడిగించాడు. స్కూలుకి కాగితం పంపాను. మెయిలు పెట్టె తెరిచి, వచ్చిన ఉత్తరాల వైపు కన్నెత్తి చూడకుండా, ముగింపు తేదీ ముందుకి జరిపి మూసేశాను. కింద ఉన్న నా ఉత్తరం మళ్ళీ చదవాల్సిన అవసరం నాకేముంది? రాసింది నేనే కదా. అందులో తప్పెలా ఉంటుంది?

మే నెల చివర్లో ఒక బుధవారం పొద్దున్న పోస్టమ్మాయి ఒక పెట్టె తెచ్చిచ్చింది. లోపల గుడ్డలో చుట్టిన అక్రోటు కేకు. మా వైపు ఇళ్ళల్లో చేసేదే, పైన పంచదార లేకుండా ముదురు రంగులో ఉంది. దానితోపాటు నీలం సిరాతో రాసిన ఉత్తరం. రాసింది ఒనోరిన్ సెవెరాక్ గారు. ఊరి పైన రాతి మైదానం మీద గొర్రెలు ఉండే ఇల్లు ఆవిడది. ఇప్పుడు గొర్రెలు లేవు, ఒక మనవరాలు ఉంది. క్లేలియా, నా క్లాసు పిల్ల. తల్లీతండ్రీ లేరు. చట్టప్రకారం కూడా ఆ పిల్ల పూచీ మామ్మదే.

ఉత్తరం ఇలా ఉంది.

'మాస్టారూ, ఒంట్లో బాగోలేకపోయినా మీరు నాకు మూడోసారి జవాబు రాశారు. చదివి కళ్ళనీళ్ళు తిరిగాయి. ప్రతిసారీ పన్నెండో తేదీ అనే రాస్తున్నారు. పన్నెండు ఎప్పుడో వెళ్ళిపోయింది, మీకు జ్వరం బాగా ఎక్కువగా ఉన్నట్టుంది. నేనడిగింది కాగితం ఫారం గురించి. ఆ కంప్యూటర్లో మనవరాలు ఇక చదవబోయే పై స్కూలు, లైసే పేరు ఎక్కించడం నాకు చేతకాలేదు. అత్యవసరమైతే ఆఫీసుని అడగమన్నారు. ఇంట్లో నిప్పంటుకోలేదు, ఎవరూ పోలేదు, అయినా రాశాను. వాళ్ళు ఇలాంటి విషయాలు క్లాసు టీచర్నే అడగమని జవాబిచ్చారు. అందుకని మళ్ళీ మీకే రాశాను. మీరు రాగానే తప్పకుండా చెప్తానన్నారు కాబట్టి నాకు దిగులు లేదు. కేకు కొద్దిగా కొద్దిగా తినండి.'

నేను కేకు వైపు చూశాను. ముట్టుకోకుండా పక్కన పెట్టాను.

మెయిలు పెట్టె తెరిచాను. మూడు వారాల్లో ఆవిడవి మూడు మెయిళ్ళున్నాయి. ప్రతి దానికీ నా ఆటోమేటిక్ జవాబు వెళ్ళింది. మామూలుగా వారం దాటాక వెళ్ళే జవాబే, కానీ ఆవిడ కళ్ళకి అది ప్రతి వారం మంచం మీద నుంచి లేచి ఒక మాస్టారు స్వయంగా రాసే ఉత్తరం. 'ఇది యంత్రం పంపినది' అని మా పాత పెట్టె పైన ఎక్కడా రాయదు. కింద నా పేరుంది, నా మర్యాద ఉంది, నా 'బ్యాఁ కోర్ద్యాల్‌మాఁ' ఉంది. ఆదివారమంతా కూర్చుని ఆ ఉత్తరానికి మనిషి గొంతు అతికించింది నేనే.

తేదీ కూడా చూశాను. జూన్ దాకా ఉత్తరం వెళ్ళేలా పెట్టెలో మార్చాను. ఉత్తరంలో మాత్రం మే పన్నెండు అలాగే కూర్చుని ఉంది, ఆ రోజు కూడా కలుపుకొని.

క్లేలియా సంగతి నాకు బాగా తెలుసు. ఆ పిల్లకి చెక్క కావాలి. మా క్లాసులో కాలు విరిగిన కుర్చీలన్నీ బాగుచేసింది ఆ పిల్లే. పక్క జిల్లాలో చెక్కపని నేర్పే లైసే ఒకటుంది, హాస్టల్లో ఉండి చదవాలి, సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఫిబ్రవరిలో ఆ పేరు ముందు పెట్టమని నేనే చెప్పాను. ఏ లైసే కావాలో ఆఖరి కోరికలు మే చివరికి రాయాలి, నేను దగ్గరుండి రాయిస్తానని మాటిచ్చాను. రాయకపోతే సీటు ఉండదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడేస్తారు.

హెడ్మాస్టరు మదామ్ ఆస్త్రుక్‌కి ఫోన్ చేశాను.

"బెసేద్ గారా? మీరు సెలవులో ఉన్నారు కదా. మీ జవాబు నాకూ వచ్చింది."

"మేడమ్, క్లేలియా సెవెరాక్ కోరికలు వచ్చాయా?"

"రాలేదు. ఆ ఒక్క కుటుంబమే మిగిలింది. ఆన్‌లైన్ నిన్న రాత్రి మూసేశారు. పోయిన వారమే ఆ పెద్దావిడకి ఫోన్ చేశాను. మాస్టారు నాకు స్వయంగా రాస్తున్నారు, ఆయన చూసుకుంటారు అంది. మీరు మంచం మీద నుంచి కూడా పనిచేసే రకమే కదా, నేను నమ్మాను."

ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించిన పేరు ఒక పిల్ల నెత్తిన పడింది.

"నా ఉత్తరంలో తేదీ తప్పని చూశారు కదా మేడమ్. ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"మీ వాక్యం దిద్దడమా?" అంది. "పోయినేడు నేను రాసిన నోటీసుని ఎర్రగీతలతో బోర్డు మీద మళ్ళీ అంటించింది మీరే. తేదీ తప్పని స్టాఫ్ రూములో అందరూ చూశారు. ఆయన రాశాడంటే ఏదో అర్థం ఉండే ఉంటుందన్నారు. ఒకాయనైతే, మనకే అర్థం కాలేదేమో అన్నాడు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"కాగితం ఫారం మీద పెద్దావిడ సంతకం తెండి. కుటుంబం కాగితం ఇస్తే నేనే ఎక్కించొచ్చు. ఐదింటి దాకా ఆఫీసులో ఉంటాను. ఐదు దాటితే నా చేతుల్లో ఉండదు."

ఫారం కంప్యూటర్లోంచి తీసి అచ్చు వేసుకున్నాను. నాకు కారు తోలే వీల్లేదు. బెరంజేర్ మధ్యాహ్నం భోజనం వేళకి దుకాణం మూసి వచ్చేదాకా గుమ్మంలో కర్రల మీద నిలబడ్డాను.

"ఎక్కడికి ఈ ఊరేగింపు?" అంది.

చెప్పాను. ఆవిడ వెక్కిరించలేదు. అది చూసి ఇంకా భయమేసింది. బండి తీసింది, దారిలో ఒక్క మాటే అంది. "యంత్రం అని ఆవిడకి చెప్తావా?"

"చెప్పాలి."

"ఎలా చెప్తావో ముందు అనుకో. నీకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది."

ఒనోరిన్ గారు గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో బాబూ, ఆ కాలు పెట్టుకుని పైదాకా వచ్చావా? ఇంకో ఉత్తరం రాస్తే సరిపోయేదిగా."

కూర్చోబెట్టి సూపు పోసింది. వద్దంటే వినలేదు. టాబ్లెట్ తెచ్చి బల్ల మీద పెట్టి, నా ఉత్తరం తెరిచి బెరంజేర్‌కి చూపించింది. "ఎంత మర్యాదగా రాశారో చూడమ్మా. నేనింకా అర్థం చేసుకోకముందే, అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలట. ఈ రోజుల్లో ముసలిదానికి ఇలా ఎవరు రాస్తారు?"

నేను గొంతు సవరించుకున్నాను. బుధవారం ఒంటిపూట బడి కాబట్టి ఇంట్లోనే ఉన్న క్లేలియా బల్ల అవతలి నుంచి నా కళ్ళలోకి సూటిగా చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. ఆ చూపుతోనే నా నోరు మూతపడింది.

"సార్, నేను చేసిన బెంచీ చూద్దురుగాని రండి," అంది.

కట్టెల పాక ముందు అక్రోటు చెక్కతో చేసిన పొట్టి బెంచీ ఉంది. మేకు ఒక్కటీ లేదు. దాని మీద కూర్చున్నాను. కదల్లేదు, కిర్రుమనలేదు.

"క్లేలియా, ఆ ఉత్తరాలు..."

"యంత్రం పంపినవని మొదటి రోజే నాకు తెలుసు సార్."

"మరి మామ్మకి చెప్పలేదేం?"

చేతికి అంటిన చెక్కపొట్టు గోకుతూ నిలబడింది. "చెప్తే ఆవిడ ఇంకొకర్ని అడిగేది. ఫారం వచ్చేసేది. నేను హాస్టలుకి వెళ్ళాలి. చలికాలం ఇక్కడ కట్టెలు ఎవరు కొడతారు? పోయిన డిసెంబర్లో మెట్ల మీద పడితే లేపింది నేనే. నేను లేకపోతే తెల్లారేదాకా అక్కడే ఉండేది. ఫిబ్రవరిలో మీరు చెప్తుంటే సరే అన్నాను. తర్వాత ఇంటికొచ్చి ఆవిణ్ణి చూస్తే ధైర్యం చాల్లేదు. వెళ్ళనని చెప్తే ఆవిడ ఒప్పుకోదు. మీరు జవాబివ్వకపోతే, తేదీ దాటిపోతే, ఎవరి తప్పూ ఉండదు కదా సార్. మీది తప్ప."

"నాది తప్ప," అన్నాను.

"మీరు పెద్దవాళ్ళు. ఏం కాదు మీకు."

నేను మాటల మనిషిని. ఎవరు పోయినా, ఎవరు పెళ్ళి చేసుకున్నా, ఎవరు పరీక్ష తప్పినా ఏం రాయాలో నా దగ్గర వాక్యం తయారుగా ఉంటుంది. అక్కడ ఆ పిల్ల ముందు వెతికితే ఒక్కటీ దొరకలేదు. దొరికినవన్నీ సంతకాల పైన వాడేవే. నాకు ఏడుపొచ్చినంత పనైంది, అది కూడా సరిగ్గా రాలేదు.

"నీకు వెళ్ళాలని ఉందా లేదా? అదొక్కటే చెప్పు," అన్నాను చివరికి.

"ఉంది," అంది. చాలా చిన్నగా అంది. "చాలా ఉంది సార్. అదే తప్పనిపిస్తోంది."

వెనక తలుపు దగ్గర ఒనోరిన్ గారు ఉంది. చేతిలో నా కోసం తెచ్చిన కాఫీ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. కాఫీ కట్టెల మీద పెట్టి వచ్చి, మనవరాలి ఎదురుగా నిలబడింది.

"నన్ను చూసుకోమని నేను నిన్ను అడిగానా?"

"లేదు మామ్మా."

"మెట్ల మీద పడ్డాను. పడతాను. నువ్వున్నా పడతాను, లేకపోయినా పడతాను. నువ్వు శుక్రవారం శుక్రవారం బస్సు దిగి వస్తావని నేను ఎదురుచూడగలను. ఎదురుచూడ్డం నాకు బాగా చేతనవును, ఈ మాస్టారి కోసం కూడా చూశాను కదా. నువ్వు నా ఎదురుగా కూర్చుని నేనెప్పుడు పోతానా అని ఎదురుచూస్తుంటే, అది నేను చూడలేను. దానికి నాకు ఓపిక లేదు."

క్లేలియా ఏడ్చింది. మామ్మ ఏడవలేదు. పిల్ల జుట్టులోంచి చెక్కపొట్టు ఒక్కొక్కటే తీసి పారేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అయితే అది నువ్వు రాయలేదా బాబూ?"

"ఒకసారి రాశాను. తర్వాత అదే వెళ్ళింది," అన్నాను. "మీ ఉత్తరాలు నేను తెరవను కూడా తెరవలేదు. ఎవరూ నాకు రాయడంలేదని అలిగి కూర్చున్నాను. ఈ ఉదయం కేకు వచ్చేదాకా చూడలేదు. నాకు జ్వరం కూడా లేదు."

"కేకు తిన్నావా?" అంది ఆవిడ.

"లేదు."

"మంచిది. ఇప్పుడు తినొచ్చు. ఫారం ఏది?"

బెంచీ మీదే పెట్టి సంతకం పెట్టింది. మొదటి కోరిక గడిలో లైసే పేరు క్లేలియానే రాసింది, చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుంటూ. రాతలో ఒక చోట అక్షరం మీద ఉండాల్సిన గీత లేదు. నా చెయ్యి జేబులో పెన్ను దగ్గరికి దానంతటదే వెళ్ళింది. బెరంజేర్ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఐదు కాకముందే మదామ్ ఆస్త్రుక్ బల్ల మీద కాగితం పెట్టాం. ఆవిడ ఎక్కిస్తుంటే నేను ఆ గదిలోనే కూర్చుని ఫోన్లో నా ఉత్తరం తెరిచాను. తేదీ మార్చాను. ఆఫీసుని అడగండన్న చోట నా ఇంటి ఫోన్ నంబరు పెట్టాను. ఎలా ఉందో చూడమని బెరంజేర్‌కి ఇచ్చాను. రెండు కామాలు తీసేసి తిరిగి ఇచ్చింది. ఎన్నేళ్ళు దాచుకుందో ఆ కక్ష. కామాలు లేకుండానే ఉంచాను.

జులైలో సీటు వచ్చింది.

సెప్టెంబరులో బడి తెరిచాక, కర్రలు లేకుండా నడుస్తున్న కొత్తలో, ఒనోరిన్ గారికి మెయిలు రాశాను. పిల్ల ఎలా ఉంది, కట్టెలు ఎవరు కొడుతున్నారు, నేనేమైనా చెయ్యగలనా అని. యంత్రాల జోలికి పోకుండా సొంతంగా కూర్చుని రాశాను, అందుకే బాగా రాలేదు. పంపి ఇంకా ఫోన్ జేబులో పెట్టుకోలేదు, జవాబు వచ్చేసింది. అంత తొందరగా ఏ ముసలావిడా టైపు చెయ్యదు. హాస్టలుకి వెళ్ళేముందు క్లేలియా పెట్టి వెళ్ళిందని అర్థమైంది. నా వాక్యాలనే తీసుకుంది. ముగింపు తేదీ మాత్రం లేదు.

'నమస్కారం. ప్రస్తుతం నేను ఇంట్లోనే ఉన్నాను, మెయిలు చూడను. అత్యవసరమైతే రండి. అత్యవసరం కాకపోయినా రండి. శుక్రవారం వస్తే క్లేలియా కూడా ఉంటుంది. మీరు అర్థం చేసుకుంటారని ముందుగానే కృతజ్ఞతలు. ఒనోరిన్ సెవెరాక్.'

రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ కనిపించలేదు. బుధవారం మధ్యాహ్నం బెరంజేర్ దుకాణం మూశాక ఇద్దరం బండెక్కి పైకి వెళ్ళాం. నాకు కట్టెలు కొట్టడం రాదు, ఆ సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది.